వీడియోలో ఎక్స్‌పోజర్ త్రిభుజం: కదలని మూల

మధ్యాహ్నం మూడు గంటల ఎండలో విశాఖ బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ బండి దగ్గర ఫోనుతో తీసిన వీడియోను ఇంటికి వెళ్లి చూసుకుంటే ఒక చిత్రమైన లోపం కనిపిస్తుంది. ముఖం స్పష్టంగానే ఉంటుంది, రంగులు బాగానే ఉంటాయి, వెనుక సముద్రం నీలంగానే ఉంటుంది. గిన్నెలో మురీలు కలుపుతున్న గరిటె మాత్రం సాఫీగా తిరగదు. ఒక చోట మాయమై మరో చోట తేలినట్టు గంతులు వేస్తుంది. వీడియోను ఆపి ఒక్కొక్క ఫ్రేమునే చూస్తే గరిటె మీది గీతలు కూడా లెక్కపెట్టవచ్చు, నడిపిస్తేనే ఇబ్బంది. తీసినవారు సాధారణంగా ఫోను మీదో ఎడిటింగ్ యాప్ మీదో నెపం వేస్తారు. అసలు కారణం వేరు. అంత ఎండను తట్టుకోవడానికి ఫోను తనంతట తాను ఎంచుకున్న షట్టర్ స్పీడ్ అది.

ఫొటోగ్రఫీ నేర్పే చోటల్లా ఎక్స్‌పోజర్‌ను త్రిభుజంగా గీసి చూపిస్తారు. ఎపర్చర్ అంటే లెన్సులోని రంధ్రం ఎంత వెడల్పుగా తెరుచుకుందనేది. షట్టర్ స్పీడ్ అంటే సెన్సరు మీద వెలుగు ఎంతసేపు పడిందనేది. ఐఎస్‌ఓ అంటే అలా పడిన వెలుగు నుంచి పుట్టిన సంకేతాన్ని కెమెరా ఎంత హెచ్చించి చూపిస్తుందనేది. ఒకదాన్ని తగ్గించినప్పుడు మరోదాన్ని పెంచి సరిపెట్టుకోవచ్చని ఆ బొమ్మ చెబుతుంది. ఫొటోకు అది చాలు. వీడియో దగ్గరకు వచ్చేసరికి అదే బొమ్మ కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది, మూడు మూలలూ సమానంగా కదులుతాయన్న భ్రమ కలిగిస్తుంది కాబట్టి. వీడియోలో షట్టర్ మూలకు మొదటే మేకు కొట్టేయాలి. మిగిలిన రెండు మూలలతో, త్రిభుజంలో లేని నాలుగో వస్తువు ఒకదానితో సర్దుకోవాలి.

ఈ సర్దుబాటుకు లెక్క స్టాపుల్లో ఉంటుంది. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, ఒక స్టాప్ తగ్గితే సగం. షట్టర్ 1/50 నుంచి 1/100కు వెళితే ఒక స్టాప్ నష్టం. ఐఎస్‌ఓ 400 నుంచి 800కు పెంచితే ఒక స్టాప్ లాభం. ఎపర్చర్ అంకెలే కాస్త వింతగా ఉంటాయి: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. అందుకే అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. వెలుగు రంధ్రం వైశాల్యాన్ని బట్టి వస్తుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. కాబట్టి వెలుగు సగం కావాలంటే అంకె రెట్టింపు కానక్కరలేదు, సుమారు 1.4 రెట్లు అయితే చాలు. వరసలో పక్కపక్కనున్న రెండు అంకెల మధ్య దూరం ఒక స్టాప్. ఈ వరస నోటికి వస్తే మిగతాది జమాఖర్చుల పుస్తకమే.

గరిటె లెక్క

ఉదాహరణకు మూడు నిమిషాల చిన్న వీడియో ఒకటి తీస్తున్నారనుకుందాం. మురీ మిక్చర్ అమ్మే మనిషి రోజులో మూడు ఘట్టాలు: ఇంట్లో ట్యూబులైటు కింద ఉల్లిపాయలు తరగడం, మధ్యాహ్నం కుర్సురా జలాంతర్గామి మ్యూజియం కనిపించేలా ఇసుక పక్కన బండి నిలపడం, చీకటి పడ్డాక బండికి కట్టిన బల్బు కింద అమ్మకం. చేతిలో ఉన్నది ఏపీఎస్-సీ సెన్సరున్న మామూలు మిర్రర్‌లెస్ కెమెరా, 50 ఎంఎం f/1.8 లెన్సు. ఫోనుతో తీసేవారి సంగతి కూడా మధ్యలో వస్తుంది.

కలిపేటప్పుడు గరిటె సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదులుతోందనుకుంటే, సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య అది 8 సెంటీమీటర్లు జరుగుతుంది. షట్టర్ 1/50 వద్ద ఉంటే, ఒక్కో ఫ్రేము తెరుచుకుని ఉన్న సమయంలో గరిటె 4 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ మేర బొమ్మ చెరిగి చారలా పడుతుంది. అంటే ఎనిమిదిలో సగం దూరం చారతో నిండింది, సగం ఖాళీ. ఆ ఖాళీని కన్ను తనే పూరించుకుని కదలికగా చదువుకుంటుంది. అదే షట్టర్ 1/2000 వద్ద ఉంటే చార పొడవు ఒక్క మిల్లీమీటరు. ఎనిమిది సెంటీమీటర్లకు ఒకసారి పదునైన గరిటె బొమ్మ, మధ్యలో ఏమీ లేదు. గంతులు అక్కడి నుంచే వస్తాయి.

ఫ్రేము వ్యవధిలో సగం సేపు షట్టర్ తెరిచి ఉంచాలన్న ఈ పద్ధతికి 180 డిగ్రీల నియమం అని పేరు. ఫిల్ము కెమెరాల్లో రీలు ఒక ఫ్రేము ముందుకు జరిగేంతసేపు వెలుగును అడ్డుకోవడానికి గుండ్రంగా తిరిగే ఒక పళ్లెం ఉండేది. అందులో సగం కోత, సగం మూత. వృత్తంలో సగం అంటే 180 డిగ్రీలు. పళ్లెం పోయినా పేరు మిగిలింది, దాన్ని చూసి చూసి ప్రేక్షకుడి కంటికి పట్టిన అలవాటు కూడా మిగిలింది. పోరాట దృశ్యానికో, కెరటం విరిగే నీటి తుంపరలకో కావాలని వేగవంతమైన షట్టర్ వాడేవారు ఉంటారు. అది ఎంపిక. ఫోను ఎండకు భయపడి తీసుకున్న నిర్ణయం ఎంపిక కాదు.

షట్టర్‌కు మేకు కొట్టడానికి రెండో కారణం మన గోడలోని కరెంటు. భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. ప్రతి ఆవర్తనంలో రెండుసార్లు శక్తి పెరిగి తగ్గుతుంది కాబట్టి చోక్ ఉన్న పాత ట్యూబులైటూ, చవకరకం ఎల్‌ఈడీ బల్బులు చాలావరకూ సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, సెన్సరుకు తెలుస్తుంది. చాలా ఫోన్లూ కెమెరాలూ కొన్నప్పుడు సెకనుకు 30 ఫ్రేముల మీద ఉంటాయి. దాని సగం లెక్క 1/60. సెకనులో అరవయ్యో వంతులో మన ట్యూబులైటు ఒకటిన్నర సారి కంటే కొంచెం ఎక్కువగా మినుకుతుంది. పూర్తి మినుకు ఒకటీ, మరొకటి అరకొరగానూ లెక్కలోకి వస్తాయి. సెన్సరు బొమ్మను ఒక్కసారిగా కాక పైవరస నుంచి కిందివరస వరకు వరసవరసగా చదువుతుంది కనుక ఒక వరసకు ఎక్కువ వెలుగు, మరో వరసకు తక్కువ వెలుగు దక్కుతుంది. ఫలితం వంటింటి గోడ మీద మెల్లగా పాకే అడ్డ చారలు. ఎడిటింగులో వీటిని పూర్తిగా తుడిచేయడం దాదాపు అసాధ్యం.

1/50 పెడితే ప్రతి వరసకూ సరిగ్గా రెండు పూర్తి మినుకులు అందుతాయి. 1/100 పెడితే ఒకటి. ఏ వరసకూ అన్యాయం జరగదు, చారలు ఉండవు. ఇందులో కొత్తవారు గమనించని సంగతి ఒకటి ఉంది: ఫ్రేము రేటు 30గానే ఉండిపోయినా, షట్టర్‌ను 1/50కు మారిస్తే చాలు, చారలు పోతాయి. మెనూలో `PAL` ఎంచుకుంటే 25 ఫ్రేములు దొరుకుతాయి. 25కు 1/50 అన్ని విధాలా అతికినట్టు సరిపోతుంది. అనుమానముంటే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ట్యూబులైటు పడే తెల్లగోడకు కెమెరా గురిపెట్టి, షట్టర్‌ను 1/60, 1/50, 1/200 మధ్య మార్చి చూడాలి. 1/200 దగ్గర చారలు అందరికీ కనిపిస్తాయి, 1/60 దగ్గర కాస్త శ్రద్ధగా చూస్తే కనిపిస్తాయి, 1/50 దగ్గర మాయమవుతాయి. కొన్ని ఎల్‌ఈడీలు కరెంటు లయతో సంబంధం లేకుండా తమ సొంత వేగంతో మినుకుతాయి. వాటి ముందు ఈ లెక్క పనిచేయదు. అప్పుడు షట్టర్‌ను అటూ ఇటూ కొద్దిగా జరిపి చారలు ఆగే చోటు వెతకాలి, లేదంటే బల్బే మార్చాలి. బల్బు మార్చడం తేలిక.

ఎండలో ఆరు స్టాపులు ఎక్కడ దాచాలి

ఇప్పుడు బీచ్ ఘట్టం. మబ్బులేని ఎండలో నేరుగా వెలుగు పడుతున్న వస్తువుకు ఫిల్ము రోజుల నుంచి ఒక మోటు సూత్రం ఉంది: ఎపర్చర్ f/16 పెట్టి, ఐఎస్‌ఓ ఎంతో షట్టర్ దానికి విలోమంగా పెట్టాలి. ఐఎస్‌ఓ 100 అయితే షట్టర్ 1/100. మనది 1/50 దగ్గర బిగిసి ఉంది, అంటే ఒక స్టాప్ అదనపు వెలుగు లోపలికి వస్తోంది. దాన్ని ఎపర్చర్‌తో ఆపాలంటే f/22కు వెళ్లాలి.

కెమెరా దానికి ఒప్పుకుంటుంది, బొమ్మ ఒప్పుకోదు. రంధ్రం అంత చిన్నదైనప్పుడు వెలుగు అంచుల దగ్గర వంగి చెదురుతుంది, మొత్తం బొమ్మ పలచటి పొర కప్పినట్టు మెత్తబడుతుంది. సెన్సరు మీద దుమ్ము కణాలుంటే ఆకాశంలో నల్లటి మచ్చలై తేలుతాయి. పైగా ఇసుక, మనిషి, బండి, జలాంతర్గామి, దానికి ఆవల నిలిచిన ఓడ, అన్నీ ఒకే పదునుతో కనిపించి చూపు ఎక్కడ నిలపాలో తెలియకుండా పోతుంది.

ఇక్కడ వచ్చేదే త్రిభుజంలో లేని నాలుగో వస్తువు, ఎన్‌డీ ఫిల్టర్. రంగు మార్చకుండా వెలుగును మాత్రం తగ్గించే నల్లటి అద్దం. ఎండలో కెమెరాకు పెట్టే చలువ కళ్లజోడు అనుకోవచ్చు. దాని మీద రాసి ఉన్న అంకె ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెబుతుంది: ఎన్‌డీ 8 ఎనిమిదో వంతు వెలుగును పంపుతుంది, అంటే మూడు స్టాపులు, ఎన్‌డీ 64 అరవై నాలుగో వంతును, అంటే ఆరు స్టాపులు. f/22 నుంచి f/2.8 వరకు వరసలో అడుగులు లెక్కపెడితే 16, 11, 8, 5.6, 4, 2.8. సరిగ్గా ఆరు. కాబట్టి ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/50, ఎపర్చర్ f/2.8, ముందు ఎన్‌డీ 64 పెడితే లెక్క తేలిపోతుంది.

అయితే f/2.8 కావాలా అన్నది వేరే ప్రశ్న. ఈ లెన్సుతో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని f/2.8 వద్ద తీస్తే పదునుగా ఉండే లోతు సుమారు 18 సెంటీమీటర్లు, జానెడు కంటే తక్కువ. f/1.8 వద్ద అది 12 సెంటీమీటర్లకు పడిపోతుంది. బండి మీదకు వంగి మిరపకాయ తీసి వెనక్కు నిలబడే మనిషి అంతకంటే ఎక్కువే కదులుతాడు. తీసేవారి చేయి కొత్తదైతే సగం షాటులో అతని ముఖం మసకగానూ, ముందున్న నిమ్మకాయలు పదునుగానూ ఉంటాయి. f/5.6కు వెళితే లోతు జానెడున్నర దాటుతుంది, వెనుకనున్న జలాంతర్గామి అంచులు మెత్తబడినా ఆకారం తెలుస్తుంది. అప్పుడు ఎన్‌డీ 16 సరిపోతుంది. కొత్తగా f/1.8 లెన్సు కొన్నవారు దాన్ని పూర్తిగా తెరవకపోతే డబ్బు దండగన్నట్టు తీస్తారు. వెనుకనున్నదంతా రంగుల ముద్దగా మారేట్టయితే అంతదూరం బీచ్ రోడ్డుకు రావడమెందుకు, మేడ మీద దుప్పటి కట్టి తీయవచ్చు.

ఫోనులో ఈ ప్రశ్నే రాదు, ఎందుకంటే చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు. f/1.8 లెన్సు, అతి తక్కువ ఐఎస్‌ఓ 50 అనుకుంటే ఆ ఎండకు ఫోను వెతుక్కునే షట్టర్ సుమారు 1/4000. మొదట్లో చెప్పిన గరిటె గంతుల రహస్యం ఇదే. 1/4000 నుంచి 1/50కి రావాలంటే ఎనభై రెట్ల వెలుగు ఆపాలి, అంటే ఆరు స్టాపులకు మించి, ఏడుకు లోపు. లెన్సుకు తగిలించే ఎన్‌డీ 64 పెట్టి షట్టర్‌ను 1/60 దగ్గర ఆపినా కంటికి తేడా తెలియదు. బయట కరెంటు దీపాల బెడద లేదు కాబట్టి ఈ మాత్రం సడలింపు పరవాలేదు. షట్టర్‌ను చేత్తో నిర్ణయించుకునే వీలు ఫోను సొంత కెమెరాలో లేకపోతే, ఆ పని చేసే యాప్ వేసుకోక తప్పదు.

అంకె మారే ఎన్‌డీ కొందామనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. అది నిజానికి ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు పోలరైజర్ అద్దాలు. తిప్పేకొద్దీ వెలుగు తగ్గుతుంది, చివరి అంచుకు తిప్పితే బొమ్మ మీద పెద్ద నల్లటి ఎక్స్ ఆకారం పడుతుంది. వెడల్పాటి లెన్సుల మీద ఇది ఇంకా ముందే మొదలవుతుంది. నీటి తళుకును, చర్మం మీది మెరుపును కూడా అది కొంత మింగుతుంది కాబట్టి సముద్రం ఒక షాటులో ఒకలా, తిప్పిన తర్వాత మరోలా కనిపించవచ్చు. ఇక విశాఖకు సంబంధించిన బాధ మరొకటి: కెరటాల తుంపర. అరగంటలో ఫిల్టరు మీద ఉప్పు పొర కడుతుంది, ఎదురు వెలుగులో బొమ్మంతా పాలిపోతుంది. ఎక్స్‌పోజర్ తప్పిందనుకుని ఎపర్చర్ తిప్పేముందు అద్దాన్ని తుడిచి చూడటం మంచిది. పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఉప్పు గీతలు పెడుతుంది. ముందు ఊది, తర్వాత తడిపిన మెత్తటి గుడ్డతో అద్దాలి.

బీచ్ వద్ద అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది సూర్యుడు ఏ వైపున్నాడనేది. విశాఖలో సముద్రం ఆగ్నేయాన ఉంది. ఉదయం వేళ రోడ్డు మీద నుంచి సముద్రం వైపు కెమెరా పెడితే వెలుగు ఎదురుగా వస్తుంది, మనిషి ముఖం నీడలో పడుతుంది. ఆకాశానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెడితే ముఖం బొగ్గు, ముఖానికి పెడితే ఆకాశం సున్నం. మధ్యాహ్నం దాటాక సూర్యుడు ఊరి వైపుకు, కొండల మీదకు జరుగుతాడు. అదే చోట నిలబడి అదే దిక్కుకు తీస్తే ముఖం మీదా, జలాంతర్గామి మీదా, నీటి మీదా ఒకే వెలుగు పడుతుంది. బండి ఘట్టాన్ని మూడు గంటలకు పెట్టుకోవడం అందుకే. త్రిభుజంలో ఏ మూల తిప్పినా ఎదురెండ తెచ్చే తేడా తీరదు, గడియారం తిప్పితే తీరుతుంది.

ఎక్స్‌పోజర్ సరిపోయిందా అన్నది తెర చూసి చెప్పలేం. ఎండలో తెర ఎప్పుడూ చీకటిగానే కనిపిస్తుంది, తీసేవారు వెలుగు పెంచేస్తారు, ఇంటికి వెళ్లాక నురగ అంతా తెల్లకాగితంలా ఉంటుంది. కెమెరాలో జీబ్రా అనే సదుపాయం ఉంటే దాన్ని 100 దగ్గర పెట్టుకోవాలి. వివరం పూర్తిగా చెరిగిపోయే చోట్ల గీతలు మెరుస్తాయి. విరిగే కెరటం కొసన రెండు మూడు గీతలు కనిపిస్తే దిగులు పడనక్కరలేదు. అమ్మేవాడి తెల్లచొక్కా నిండా గీతలు పాకితే ఒక స్టాప్ తగ్గించాలి. సెన్సరు సమాచారాన్నంతా దాచే రా ఫొటోలో అయితే కొంత వెనక్కు రాబట్టుకోవచ్చు. మామూలు వీడియో ఫైలులో అలా తెల్లబడిపోయిన చోట ఏమీ మిగలదు.

సరిపోయాక ఐఎస్‌ఓతో సహా అన్నీ స్థిరం చేయాలి. ఐఎస్‌ఓ ఒక్కటి ఆటోలో మిగిలినా, తెల్లచొక్కా వేసుకున్న కొనుగోలుదారుడు ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా సముద్రం ఒక్కసారి నల్లబడి, అతను వెళ్లగానే మళ్లీ వెలుగుతుంది. ఫోనులో అయితే తెర మీద ముఖం దగ్గర వేలు కాసేపు నొక్కి ఉంచితే ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ తాళం పడతాయి. కొన్ని కెమెరాల్లో ఎడిటింగు వెసులుబాటు కోసం ఉండే లాగ్ రంగుల పద్ధతిని మొదటి వీడియోకు వదిలేయడమే మేలు. వాటిలో ఐఎస్‌ఓ అడుగు తరచు 800 దగ్గర మొదలవుతుంది. 100తో పోలిస్తే మరో మూడు స్టాపుల ఎన్‌డీ అదనంగా కావాలి.

వంటిల్లు, ఆపై రాత్రి

ఇంట్లోకి రాగానే లెక్క తలకిందులవుతుంది. ఎన్‌డీ తీసేయాలి. ట్యూబులైటు వెలిగే సాధారణ వంటింట్లో f/2.8, 1/50 పెడితే ఐఎస్‌ఓ సుమారు 640 దగ్గర తేలుతుంది. గది గోడల రంగును బట్టి ఒక స్టాప్ అటూ ఇటూ కావచ్చు. నేటి కెమెరాకు 640 బరువేమీ కాదు. ఉల్లిపాయ తరిగే చేతులను దగ్గరగా తీసేటప్పుడు లోతు ఇంకా తగ్గిపోతుంది కాబట్టి f/4కు మూసి ఐఎస్‌ఓను 1250కి పెంచినా ఆ మార్పిడి లాభసాటిదే. కత్తి వేగానికి భయపడి షట్టర్ పెంచడం మాత్రం ఇక్కడ చేయకూడని పని. ట్యూబులైటు చారలు కాచుకుని ఉంటాయి.

రాత్రి బండి దగ్గర బల్బు నుంచి వచ్చే వెలుగు అంతకంటే రెండు స్టాపుల దాకా తక్కువ ఉండవచ్చు. f/2.8 దగ్గరే ఉంటే ఐఎస్‌ఓ 2500కు చేరుతుంది. f/1.8కి తెరిస్తే సుమారు 1000తో సరిపోతుంది. ఐఎస్‌ఓ గురించి ప్రచారంలో ఉన్న పెద్ద అపోహ ఇక్కడ అడ్డు వస్తుంది. ఐఎస్‌ఓ పెంచడం వల్లే బొమ్మలో రవ్వరవ్వగా నాయిజ్ పుడుతుందని చాలామంది నమ్ముతారు. పుట్టించేది ప్రధానంగా వెలుగు కొరత. వాన మొదలైనప్పుడు పెరట్లో పరిచిన పళ్లేల్లో ఒకదానిలో మూడు చినుకులు, పక్కదానిలో ఏడు పడ్డట్టు, కొద్దిపాటి వెలుగు సెన్సరు గడుల మీద హెచ్చుతగ్గులుగా పడుతుంది. జడివానలో ఆ తేడా కనిపించదు. ఐఎస్‌ఓ చేసేది ఆ హెచ్చుతగ్గులను కూడా పెద్దవి చేసి చూపడం.

అందువల్ల నాయిజ్‌కు భయపడి ఐఎస్‌ఓ 400 దగ్గరే ఆపి, చీకటిగా తీసి, తర్వాత ఎడిటింగులో వెలుగు పెంచుకుందామనుకోవడం నష్టపు బేరం. వెలుగు అప్పుడూ అంతే పడింది, చినుకుల లెక్క మారలేదు. పైగా వీడియో ఫైలును కుదించేటప్పుడు కెమెరా చీకటి భాగాల్లోని వివరాన్నే ముందుగా వదిలేస్తుంది. తర్వాత పెంచితే చీకట్లో గళ్లుగళ్లుగా మరకలు తేలుతాయి. అప్పుడే ఐఎస్‌ఓ 2500 పెట్టి తీసిన బొమ్మ దీనికంటే శుభ్రంగా ఉంటుంది. అంతకంటే మెరుగైన మార్గం వెలుగు పెంచడం: బండి బల్బును మనిషికి దగ్గరగా జరిపితే, దూరం సగమైనప్పుడు ముఖం మీద వెలుగు నాలుగింతలవుతుంది. రెండు స్టాపులు, ఖర్చు ఒక మూర తాడు.

రాత్రి షట్టర్ మేకును కాస్త వదులు చేయగల సందర్భం ఒకటుంది. 25 ఫ్రేముల వద్ద షట్టర్‌ను 1/25 దాకా తెరవవచ్చు, ఒక స్టాప్ ఉచితంగా వస్తుంది, నాలుగు పూర్తి మినుకులు పడతాయి కాబట్టి చారలూ రావు. గరిటె చార ఎనిమిది సెంటీమీటర్లకు పెరిగి కదలిక జారుడుగా, మత్తుగా కనిపిస్తుంది గనుక అమ్మకం షాటుకు ఇది పనికిరాదు. కదలని వాటికి, అంటే లంగరు వేసి నిలిచిన ఓడల దీపాలకో, దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండ గీతకో, స్టాండు మీద కెమెరా పెట్టి తీసేటప్పుడు వాడుకోవచ్చు.

ఈ మూడు ఘట్టాల్లో లేని వేళ ఒకటి మిగిలింది. బండి బల్బు వెలిగించాక, పూర్తిగా చీకటి పడకముందు. పగలు బల్బు వెలుగు ఎండ ముందు కనిపించదు, రాత్రి బల్బు తప్ప సముద్రం కనిపించదు. బల్బును మార్చలేం, ఆకాశం మాత్రం నిమిషనిమిషానికీ స్టాపులు దిగుతూ వస్తుంది. ఒక దశలో రెండూ దాదాపు సమానమవుతాయి. ఎక్స్‌పోజర్‌ను బల్బు పడిన ముఖానికి, f/1.8, 1/50, ఐఎస్‌ఓ 1000 దగ్గర ముందే బిగించి ఎదురుచూడాలి. మొదట తెల్లగా ఉన్న ఆకాశం మెల్లగా నీలానికి దిగుతుంది. ముఖం మీది పసుపు, వెనుక నీటి నీలం రెండూ వివరంతో నిలిచే ఆ వ్యవధి పది పదిహేను నిమిషాలకు మించదు. సూర్యుడు కొండల వైపు దిగుతాడు, తూర్పు ఆకాశం ముందుగా నల్లబడుతుంది. కాబట్టి సముద్రం వైపు చూస్తున్న కెమెరాకు ఆ క్షణం ఊరి వైపు చూస్తున్న కెమెరా కంటే ముందే వస్తుంది. పడమట ఇంకా వెలుగుందని టీ తాగడానికి వెళ్లినవారు తిరిగొచ్చేసరికి సముద్రం ఉండదు.